-7ను కుడికి జరిపితే -4 ఎందుకు వస్తుంది?

ప్రశ్న: -7ను ఎనిమిది బిట్లలో చూస్తే 11111001 అని కనిపిస్తోంది. 7 అంటే 00000111 కదా, రెండింటికీ పోలికే లేదు. మైనస్ గుర్తు ఎక్కడుంది? పైగా సీ భాషలో -7 / 2 అంటే -3 వస్తోంది, -7 >> 1 అంటే మాత్రం -4 వస్తోంది. ఏది సరైనది?

జవాబు: రెండూ సరైనవే, కాకపోతే అవి వేర్వేరు లెక్కలు. ముందు ఆ బిట్లను చదవడం చూద్దాం. మైనస్ గుర్తును విడిగా ఎక్కడా రాయలేదు. ఎడమ చివరి బిట్ విలువ 128కి బదులు -128 అని పెట్టుకున్నారు, అంతే. మిగిలిన ఏడింటి విలువలు ఎప్పటిలాగే 64, 32, 16, 8, 4, 2, 1. ఈ లెక్కన 11111001 అంటే -128 + 64 + 32 + 16 + 8 + 1. కూడితే సరిగ్గా -7. దీన్నే టూస్ కాంప్లిమెంట్ అంటారు.

ఇలా పెట్టుకోవడం వల్ల ప్రాసెసర్‌కు రుణ సంఖ్యల కోసం ప్రత్యేకమైన కూడిక అవసరం లేకుండా పోయింది. 7కు -7 కలిపితే సున్నా రావాలి. వస్తుందో లేదో చేతితో వేసి చూడండి:

```
  00000111
+ 11111001
----------
1 00000000
```

తొమ్మిదో బిట్‌కు చోటు లేదు కనుక అది రాలిపోతుంది, సున్నా మిగులుతుంది. 'బిట్లన్నీ తిరగేసి 1 కలపాలి' అని అందరూ బట్టీ పట్టే సూత్రం కూడా ఇందులోంచే వచ్చింది. ఒక సంఖ్యకు దాన్ని తిరగేసిన రూపాన్ని కలిపితే ప్రతి స్థానంలోనూ 1 పడుతుంది, అంటే 11111111. దానికి ఇంకో 1 చేరితే సున్నా. ఆ 1 ఎందుకో తెలిశాక సూత్రాన్ని మరచిపోయినా ఫర్వాలేదు.

ఇక రైట్ షిఫ్ట్. బిట్లను ఒక స్థానం కుడికి జరిపితే ఎడమవైపు ఒక చోటు ఖాళీ అవుతుంది. అక్కడ 0 పెడితే 01111100, అంటే 124 వస్తుంది. -7లో సగం 124 కావడం కుదరదు. అందుకే ధన, రుణ గుర్తు ఉండే సంఖ్యలకు ఆ చోట పాత ఎడమ బిట్‌నే మళ్లీ రాస్తారు. కారణం లెక్కలోనే ఉంది: -128లో సగం -64. కానీ 64 స్థానానికి జరిగిన బిట్ విలువ +64 అయిపోయింది. దాని ఎడమన ఇంకో 1 పెడితే -128 + 64, అంటే -64 తిరిగి వచ్చేస్తుంది. నాకు ఈ అమరికలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఇలా జరిపితే 11111100 వస్తుంది, దాని విలువ -4. -3 ఎందుకు కాలేదంటే, కుడి చివర రాలిపోయిన బిట్ విలువ +1. సంఖ్య రుణమైనా ఆ బిట్ మాత్రం ధనమే. దాన్ని తీసేస్తే -7 కాస్తా -8 అవుతుంది, అందులో సగం -4. అంటే షిఫ్ట్ ఎప్పుడూ కిందివైపు పూర్ణాంకానికే దిగుతుంది. సీ భాషలో భాగహారం మాత్రం సున్నా వైపు జరుగుతుంది, అందుకే -3. కంపైలర్ 2తో భాగహారాన్ని షిఫ్ట్‌గా మార్చేటప్పుడు, రుణ సంఖ్య అయితే ముందు 1 కలుపుతుంది: -7 కాస్తా -6, దాన్ని జరిపితే -3. కాబట్టి వేగం కోసం భాగహారం తీసేసి షిఫ్ట్ రాయకండి. సగం కావాలంటే / 2 అనే రాయండి, మిగతా పని కంపైలర్ చూసుకుంటుంది.

ఈ స్వభావం వల్ల వచ్చే తప్పు ఒకటి నేను చాలాసార్లు చూశాను:

```c
while (n != 0) {
    count += n & 1;
    n >>= 1;
}
```

1 బిట్లను లెక్కపెట్టే ఈ లూప్ ధన సంఖ్యలకు చక్కగా పనిచేస్తుంది. n రుణమైతే దాని విలువ -7, -4, -2, -1 వరకు వచ్చి అక్కడే నిలిచిపోతుంది. -1లో అన్నీ 1లే కనుక ఎంత జరిపినా -1గానే ఉంటుంది, లూప్ ముగియదు. ప్రోగ్రామ్ కదలకుండా ఉండిపోతే, n విలువను ముద్రించి చూడండి. వరుసగా -1 కనిపిస్తే ఇదే కారణం. n రకాన్ని unsigned చేస్తే ఖాళీ చోట 0 వస్తుంది, లూప్ ముగుస్తుంది. జావాలో అదే పనికి >>> ఉంది.

సీ భాషలో రుణ సంఖ్యను కుడికి జరిపితే ఏమి రావాలో ప్రమాణం కంపైలర్‌కే వదిలేసింది. వాడుకలో ఉన్న కంపైలర్లు గుర్తు బిట్‌నే నింపుతాయి. C++20లో అది నియమంగానే మారింది. పైథాన్‌లో పరీక్షిస్తుంటే bin(-7) అంటే -0b111 అని వస్తుంది, బిట్లు కనిపించవు. bin(-7 & 0xFF) అని అడగండి, మీరు రాసిన 11111001 వస్తుంది.