జమ కాని చెక్కును నమ్మి ఇంకో చెక్కు ఇవ్వొద్దు

ప్రశ్న: పొదలకూరు మండీకి నిమ్మకాయలు తోలితే 1,80,000 రూపాయలకు చెక్కు ఇచ్చారు. శుక్రవారం సాయంత్రం మా బ్యాంకు డ్రాప్ బాక్సులో వేశాను. మర్నాడు రెండో శనివారం. సోమవారం మధ్యాహ్నం అయినా యాప్‌లో పెండింగ్ అనే ఉంది. ఎరువుల కొట్టాయనకు 40,000కి నా చెక్కు ఇచ్చేశాను, మంగళవారం వేసుకుంటానన్నాడు. బుధవారం 15వ తేదీ ట్రాక్టర్ కిస్తీ 24,000 కట్టాలి. ఖాతాలో 6,000 ఉన్నాయి. ఊళ్లో ఒకాయన నూటికి ఐదు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. తీసుకోనా? బ్యాంకుకు ఎప్పుడు వెళ్లాలి? – పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: వడ్డీకి తీసుకోవద్దు. ముందు ఎరువుల కొట్టాయనకు ఫోన్ చేసి, మీ చెక్కు గురువారం దాకా వేయొద్దని అడగండి. ఈ పని ఇప్పుడే చేయండి. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది మండీ చెక్కు పెండింగ్‌లో ఉండటం కాదు, దాన్ని నమ్ముకుని మీరు రాసిచ్చిన చెక్కు. మండీ చెక్కు తిరిగొస్తే తప్పు వ్యాపారిది. ఖాతాలో డబ్బు లేక మీ చెక్కు తిరిగొస్తే చెక్కు బౌన్సు కేసులు పెట్టే సెక్షన్ 138 కింద నోటీసు వచ్చేది మీకు. మీకు రావాల్సింది రాలేదన్న మాట అక్కడ పనికిరాదు. పోనీ బ్యాంకుకు చెప్పి ఆ చెక్కు ఆపించేద్దాం అనుకోకండి. ఆపిన చెక్కుకు కూడా కేసు పెట్టవచ్చు. నోటితో అడగడమే దారి.

ఇక మండీ చెక్కు సంగతి. సోమవారం మధ్యాహ్నానికి పెండింగ్ అని ఉంటే ఆలస్యం జరిగినట్టు కాదు. డ్రాప్ బాక్సుకు ఒక గడువు వేళ ఉంటుంది, పెట్టె మీదే రాసి ఉంటుంది. అది దాటాక వేసిన చెక్కును మర్నాటి పనిదినానికి లెక్కేస్తారు. మీరు శుక్రవారం సాయంత్రం వేశారు. శని, ఆదివారాలు సెలవు. అంటే బ్యాంకు లెక్కలో మీ చెక్కు సోమవారం వచ్చినట్టు.

సోమవారం పెట్టె తెరిచి, చెక్కును స్కాన్ చేసి, ఆ బొమ్మను క్లియరింగ్‌కు పంపుతారు. కాగితం మీ బ్యాంకులోనే ఉంటుంది. వ్యాపారి బ్యాంకు ఆ బొమ్మలో సంతకం, తేదీ, అంకెలు, అక్షరాలు, ఖాతాలో డబ్బు చూసుకుని పాస్ చేసిందో తిప్పిందో చెప్పాలి. 2025 అక్టోబరు 4 నుంచి ఇదంతా అదే రోజు జరుగుతోంది. చెక్కు సంగతి సాయంత్రం 7 గంటలలోపు చెప్పకపోతే పాస్ చేసినట్టే లెక్క. సెటిల్‌మెంట్ అయ్యాక గంటలోపు మీ బ్యాంకు డబ్బు జమ చేయాలి. మూడు గంటల్లోనే తేల్చేయాలన్న రెండో దశ 2026 జనవరి 3న మొదలవ్వాల్సింది, దాన్ని రిజర్వు బ్యాంకు వాయిదా వేసింది. కాబట్టి మూడు గంటల్లో పడుతుందని ఎవరైనా చెప్పినా దాన్ని నమ్మి లెక్కలు వేసుకోకండి. ఈ వేగం మీరిచ్చిన చెక్కుకూ వర్తిస్తుంది. పొద్దున కొట్టాయన వేస్తే సాయంత్రానికి మీ ఖాతాలో 40,000 ఉండాల్సిందే. చెక్కు ఇచ్చాక రెండు రోజుల వ్యవధి దొరికే కాలం పోయింది.

అందుకని సోమవారం రాత్రి 9 దాకా ఆగి ఖాతా చూడండి. అప్పటికీ పడకపోతే మంగళవారం బ్యాంకు తెరవగానే వెళ్లండి. వెళ్లాల్సింది మీ శాఖకు, వ్యాపారి బ్యాంకుకు కాదు. చెక్కు నంబరు, తేదీ, మొత్తం రాసుకెళ్లి ఈ సంగతులు అడగండి. చెక్కును క్లియరింగ్‌కు పంపారా, ఏ తేదీన పంపారు, తిరిగొచ్చిందా, వస్తే కారణం ఏమిటి. యాప్‌లో ఆ మొత్తం పెండింగ్ అనో అన్‌క్లియర్డ్ అనో కనబడుతుంటే చెక్కు కనీసం నమోదైనట్టు. అసలు ఆ మొత్తమే ఎక్కడా కనబడకపోతే చెక్కు ఇంకా పెట్టెలోనే ఉందేమోనని అనుమానించాలి. అప్పుడైతే మంగళవారం దాకా ఆగకుండా వెంటనే వెళ్లాలి.

వ్యాపారికీ ఒక ఫోన్ చేయండి. 50,000, ఆపై చెక్కులకు రాసిచ్చినవాళ్లు తమ బ్యాంకుకు చెక్కు వివరాలు ముందే చెప్పే పాజిటివ్ పే పద్ధతి ఉంది. 5 లక్షలు, ఆపై చెక్కులకు బ్యాంకులు దీన్ని తప్పనిసరి చేసుకోవచ్చు. మీ చెక్కుకు అంత దూరం లేకపోయినా, ఆయన వివరాలు ఇచ్చేస్తే ఆయన బ్యాంకు అనుమానంతో ఆపే అవకాశం తగ్గుతుంది.

బ్యాంకు చెప్పింది తేలకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద స్టాంపు వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. బ్యాంకు వల్ల ఆలస్యమైతే దానికి వడ్డీ ఇవ్వాలని వాళ్ల సొంత చెక్కుల వసూలు విధానంలోనే ఉంటుంది, అడగండి. ఇకముందు ఇంత పెద్ద చెక్కు డ్రాప్ బాక్సులో వేయకండి. కౌంటర్‌లో ఇచ్చి కౌంటర్‌ఫాయిల్ మీద స్టాంపు తీసుకోండి. కౌంటర్‌లో ఇస్తే రశీదు ఇవ్వం అనే హక్కు బ్యాంకుకు లేదు.

ఐదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి అరవై. 25,000 తీసుకుంటే నెలకు 1,250. రెండు రోజుల్లో తిరిగి ఇచ్చేసినా నెల వడ్డీ పట్టుకునేవాళ్లే ఎక్కువ. మంగళవారమో బుధవారమో మీ డబ్బు మీకు వచ్చేస్తుంటే, ఆ రెండు రోజుల కోసం 1,250 పోగొట్టుకుంటారా? పంట అమ్మిన రైతు ఇంకా వడ్డీకి చేయి చాచాల్సి రావడం నాకు కోపం తెప్పిస్తుంది. కిస్తీ గురించి ఫైనాన్స్ కంపెనీకి మంగళవారమే ఫోన్ చేసి ఒకటి రెండు రోజులు అడగండి, కుదరదంటే బ్యాంకులో బంగారం కుదువ పెట్టడం దీనికన్నా నయం.

మీ ఇబ్బందికి అసలు కారణం ఖాతాలో ఉన్న ఆ 6,000. నిమ్మ డబ్బు ఎండాకాలంలో ఒకేసారి వస్తుంది, కిస్తీ మాత్రం ప్రతి నెలా వస్తుంది. కిస్తీ 24,000, ఇంటి ఖర్చు 18,000 అనుకుంటే నెలకు 42,000. మూడు నెలలకు 1,26,000 అత్యవసర నిధిగా వేరే ఖాతాలో ఉండాలి. ఈ చెక్కు పాసయ్యాక ఎరువులకు 40,000, కిస్తీకి 24,000 పోతే 1,16,000 మిగులుతుంది. అందులో 60,000 అదే రోజు ఆ ఖాతాకు మార్చేయండి. ఇంకేదో కొనాలన్న ఆలోచన వచ్చేలోపే మార్చాలి. మిగతా 66,000 వచ్చే కోత డబ్బులోంచి పూడ్చండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు, ఫోన్ పేమెంట్లు పెట్టుకోకండి. ఆ నిధి ఉంటే చెక్కు వారం ఆలస్యమైనా మీకు టెన్షన్ ఉండేది కాదు, కొట్టాయనకు చెక్కు బదులు డబ్బే ఇచ్చేవారు.

చెక్కు తిరిగొస్తే బ్యాంకు ఒక మెమో ఇస్తుంది. సంతకం తేడా, బొమ్మ సరిగా లేదు లాంటి కారణాలైతే వ్యాపారి దగ్గర కొత్త చెక్కో నేరుగా బదిలీయో తీసుకోండి. డబ్బు లేదని తిరిగొస్తే ఆ మెమో, చెక్కు రెండూ భద్రంగా ఉంచి, మెమో అందిన 30 రోజుల్లో వ్యాపారికి రాతపూర్వక నోటీసు పంపాలి. నోటీసు అందాక ఆయనకు 15 రోజుల గడువు, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. "మళ్లీ వారం ఆగి వేయండి" అని ఆయన అంటే చెక్కు తేదీ నుంచి మూడు నెలల లోపల మళ్లీ వేయవచ్చు, కానీ ఆయన మాట వింటూ ఆ 30 రోజుల నోటీసు గడువు దాటనివ్వకండి.