ఫోటోల ఉన్న గ్రాఫ్‌కి షార్టెస్ట్ పాత్: 19 ఎట్లొచ్చింది, 17 ఎట్లొస్తది

"అన్నా, ఫోటోల ఉన్న గ్రాఫ్‌కి A నుంచి F దాకా షార్టెస్ట్ పాత్ కట్టిన. డైక్‌స్ట్రాతోనే చేసిన, నాకు 19 వస్తుంది. దోస్తు నోట్‌బుక్‌ల ఆన్సర్ 17 అని ఉంది. ఎక్కడ తప్పు పోయిందో టేబుల్ వేసి స్టెప్ బై స్టెప్ చెప్పండి, ఎల్లుండి మిడ్ ఉంది."

తమ్మీ, 17 ఏ కరెక్టు. నీ 19 రెండు తీర్ల రావచ్చు, రెండు తప్పులు వేరే వేరే కానీ రెండూ పోయి సరిగ్గ 19 కాడనే ఆగుతయ్, అందుకని జర నిదానంగ చదువు.

ముందు ఫోటో సంగతి. నువ్వు పెట్టిన ఫోటో తలకిందులుగ ఉంది. నోట్‌బుక్ దోస్తు ముందట ఉంటే నువ్వు బెంచీకి ఇవతల నుంచి తీసినట్టున్నవ్. జూమ్ చేసి చూడు, A కుడి పక్కన ఉంది, దాని కొన కిందికి ఉంది, 7 లు బోర్ల పడి ఎల్ అక్షరం లెక్క కనిపిస్తున్నయ్. బోర్ల పడ్డ 7 కనిపిస్తే మన కన్ను దాన్ని తిప్పుకొని చదువుతది, ఎందుకంటే అట్ల ఉన్న అంకె ఇంకోటి లేదు. కానీ 6 తలకిందులైతే అచ్చం 9 అయితది, తిప్పి చదవాలె అన్న ఆలోచనే రాదు. B కి D కి మధ్యల గీత మీద నువ్వు 9 అని చదివింది అసలు 6. ఫోన్ తిప్పి పట్టుకో, నీకే కనిపిస్తది.

నడుమల ఇంకో చిక్కు ఉంది, C-D గీత, B-E గీత ఒకదాన్నొకటి దాటుతున్నయ్. అవి దాటిన కాడ చుక్క లేదు కాబట్టి అది నోడ్ కాదు, అక్కడ ఒక గీత మీదికెళ్లి ఇంకో గీత మీదికి మళ్లద్దు. 10, 14 రెండూ ఆ కూడలి దగ్గర్నే రాసి ఉన్నయ్, వేలు పెట్టి గీత వెంబడి పోతే 10 C-D ది, 14 B-E ది అని తెలుస్తది.

నేను కాజీపేటల ఇంటికాడ సాయంత్రం పూట కొందరు పిల్లలకు డేటా స్ట్రక్చర్స్ చెప్తుంట, వాళ్లు వాట్సాప్‌ల పంపే గ్రాఫ్ ఫోటోలు రోజూ చూస్తుంట, అందుకే ఇప్పుడు ఏ గ్రాఫ్ అయినా బొమ్మ మీద నేరుగ లెక్క చెయ్య, ముందుగాల గీతలన్నీ కాగితం మీద దింపుకుంట. నీ గ్రాఫ్ తిప్పి దింపితే ఇట్లుంది:

```
A-B 7    A-C 3
B-C 2    B-D 6    B-E 14
C-D 10   C-E 12
D-E 1    D-F 7
E-F 5
```

మొత్తం 10 గీతలు. దింపినంక ఒకసారి బొమ్మ మీద ప్రతి నోడ్‌కి ఎన్ని గీతలు తగులుతున్నయో లెక్కపెట్టు: A కి 2, F కి 2, మిగిలిన నాలుగింటికి నాలుగేసి, కలిపితే 20. ప్రతి గీతకి రెండు కొసలు కాబట్టి 10 గీతలకు 20 రావాలె, వచ్చింది. ఒక గీత దింపుడు మర్చిపోతే ఇక్కడనే దొరుకుతది. కానీ 6 ని 9 అని చదివితే మాత్రం ఇది పట్టుకోదు, గీతలు అవే ఉంటయ్ కదా.

ఇగ లెక్క. A దగ్గర 0, మిగిలిన అన్నిటికి ఇన్ఫినిటీ అని పెట్టుకొని మొదలువెట్టాలె. ప్రతి రౌండ్‌ల చేసేది రెండే పనులు. ఇంకా ఖాయం కాని నోడ్‌లన్నిట్ల ఏదానికి తక్కువ దూరం ఉందో దాన్ని ఖాయం చెయ్యాలె, తర్వాత దాని నుంచి పోయే గీతల మీద పక్క నోడ్‌లకి ఇంకా తక్కువల పోవచ్చా అని చూడాలె. "ఖాయం కాని అన్నిట్ల" అన్న మాట గుర్తువెట్టుకో, ఇప్పుడే ఖాయం చేసిన నోడ్ పక్కన ఉన్నవాటిల మాత్రమే తక్కువది వెతికేటోళ్లను మస్తుమందిని చూసిన.

మొదటి రౌండ్ల A ఖాయం. B కి 7, C కి 3.

రెండో రౌండ్ల 3 తక్కువ కాబట్టి C ఖాయం. ఇప్పుడు C నుంచి చూడు. B కి ఇప్పటికే 7 ఉంది, కానీ C మీదికెళ్లి పోతే 3+2 = 5. 5 తక్కువ, 7 కొట్టేసి 5 రాయాలె. D కి 3+10 = 13, E కి 3+12 = 15.

నేను బీటెక్‌ల ఉన్నప్పుడు తప్పు చేసింది ఇగో ఈ రౌండ్లనే. హనుమకొండల చదివిన, సెకండ్ మిడ్‌ల ఇట్లాంటి ప్రశ్ననే వచ్చింది, ఒక నోడ్‌కి ఒకసారి నంబర్ పడ్డదంటే అయిపోయిందనుకొని దాన్ని ముట్టలే, కొత్తగ కనిపించిన వాటికే నంబర్లు వేసుకుంట పోయిన. పేపర్ చేతికొచ్చినంక గంట సేపు చూసినా నా తప్పు నాకు దొరకలే, కూడికలన్నీ సరిగ్గనే ఉన్నయ్ మరి. మా సీనియర్ అక్క ఒక్క మాటల చెప్పింది. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్‌కి ఆటో అతను ఒక రేటు చెప్తడు, అది విన్నంత మాత్రాన అదే ఖాయం కాదు, హనుమకొండ చౌరస్తాల దిగి ఇంకో షేర్ ఆటో ఎక్కితే తక్కువల పడుతదేమో చూసినంకనే పైసలు తీస్తం. టేబుల్ల పడ్డ నంబర్ చెప్పిన రేటు లెక్క, స్టార్ పడ్డదే ఇచ్చిన రేటు. అప్పటి సంది ఖాయమైన దానికి స్టార్ పెట్టుడు మొదలువెట్టిన, ఇప్పటికీ స్టార్ లేకుండ టేబుల్ వెయ్య.

మూడో రౌండ్ల మిగిలినవి B 5, D 13, E 15, కాబట్టి B ఖాయం. B నుంచి D కి 5+6 = 11, 13 కన్నా తక్కువ, మార్చు. B నుంచి E కి 5+14 = 19, అక్కడ 15 ఉంది, ముట్టకు. నాలుగో రౌండ్ల D 11 తో ఖాయం, E కి 11+1 = 12, F కి 11+7 = 18. ఐదో రౌండ్ల E ఖాయం, F కి 12+5 = 17, 18 పోయింది. ఆఖరికి F.

| రౌండ్ | ఖాయం | A | B | C | D | E | F |
|---|---|---|---|---|---|---|---|
| 0 | - | 0 | ∞ | ∞ | ∞ | ∞ | ∞ |
| 1 | A | 0* | 7←A | 3←A | ∞ | ∞ | ∞ |
| 2 | C | | 5←C | 3* | 13←C | 15←C | ∞ |
| 3 | B | | 5* | | 11←B | 15←C | ∞ |
| 4 | D | | | | 11* | 12←D | 18←D |
| 5 | E | | | | | 12* | 17←E |
| 6 | F | | | | | | 17* |

నంబర్ పక్కన బాణం పెట్టి ఎవరి నుంచి వచ్చిందో రాసిన చూడు, అది రాయకపోతే దూరం వస్తది కానీ దారి రాదు. దారి వెనక నుంచి చదవాలె: F కి E నుంచి, E కి D నుంచి, D కి B నుంచి, B కి C నుంచి, C కి A నుంచి. తిప్పి రాస్తే A-C-B-D-E-F, 3+2+6+1+5 = 17. ఐదు గీతలు తిరిగి పోతున్నం అని అనుమానపడకు. A-B-D-F మూడే గీతలు, కానీ 7+6+7 = 20 అయితది. మనకు కావాల్సింది తక్కువ బరువు, తక్కువ గీతలు కాదు.

ఇప్పుడు నీ 19. B-D ని 9 అని చదివితే మూడో రౌండ్ల D కి 5+9 = 14, అక్కడ ఉన్న 13 ఏ తక్కువ, D మారదు. తర్వాత E 14, F 19, దారి A-C-D-E-F. రెండో తీరు, 6 ని 6 అనే చదివి, B ఒక్కదాన్నే 7 దగ్గర వదిలేసి మిగిలినవి మార్చుకుంట పోతే D కి 7+6 = 13, C నుంచి వచ్చేది కూడ 13 ఏ, తర్వాత E 14, మళ్ల F 19. ఆఖరి నంబర్ చూస్తే ఏ తప్పో తెల్వదు, నీ టేబుల్ల B కింద చూడాలె. ఆఖరికి 5 ఉంటే నీ లెక్క మంచిగనే ఉంది, ఫోటో చదువుడే తప్పు. 7 ఉంటే రెండో రౌండ్ మళ్లొక్కసారి చేసుకోవాలె.

పరీక్షల కీ ఉండదు కాబట్టి ఇంకొకటి చెప్త, రెండు నిమిషాల పని. టేబుల్ అయినంక ప్రతి గీత తీసుకొని దాని రెండు కొసల ఆఖరి దూరాల మధ్య తేడా చూడు. ఆ తేడా గీత బరువు కన్నా ఎక్కువ ఉండొద్దు. ఎక్కువ ఉందంటే ఆ గీత మీదికెళ్లి ఇంకా తక్కువల పోవచ్చు, నువ్వు ఎక్కడనో నంబర్ మార్చుడు మర్చిపోయినవన్నట్టు. మన టేబుల్ల D-F తీసుకో, 17-11 = 6, బరువు 7, సరిపోయింది. C-D కి 11-3 = 8, బరువు 10, ఇదీ ఓకే. అదే B ని 7 దగ్గర వదిలేసిన టేబుల్ల B-C చూస్తే 7-3 = 4, బరువేమో 2, అక్కడనే తప్పు దొరికింది. దీనితోపాటు A తప్ప ప్రతి నోడ్‌కి బాణం ఉన్న గీత మీద తేడా, బరువు సరిగ్గ సమానం రావాలె, ఇక్కడ A-C, B-C, B-D, D-E, E-F ఐదింటి మీద వస్తున్నయ్.

కానీ 9 అని చదివి చేసిన టేబుల్ ఈ చెకింగ్‌ల పాస్ అయితది తమ్మీ. B-D కి తేడా 13-5 = 8, నువ్వు రాసుకున్న బరువు 9, ఏ తప్పూ కనిపించదు, ఎందుకంటే నువ్వు దింపుకున్న గ్రాఫ్‌కి అది నిజంగనే సరైన ఆన్సర్. అందుకే ఫోటోకి వేరే పద్ధతి కావాలె. చదవరాని అంకె ఏదన్న ఉంటే దాని పేరు w అని పెట్టుకొని ఎంత దాటితే ఆన్సర్ మారుతదో చూడు. ఇక్కడ D కి C నుంచి 13, B నుంచి 5+w. w 8 కన్నా తక్కువ ఉంటే B మీది దారి, 8 ఉంటే రెండూ సమానం, 8 దాటితే C మీది దారి. 6, 9 చెరొక పక్కన ఉన్నయ్ కాబట్టి ఈ అంకె మీద అనుమానం వదిలేస్తే కుదరది. అదే ఆ 10, 14 తారుమారు అయినా ఏం కాదు, చేసి చూసిన, మళ్ల 17 ఏ వస్తది.

ఒక హద్దు మాత్రం తెలుసుకొని ఉండు. స్టార్ పెట్టినంక మళ్ల ముట్టకపోవుడు ఎందుకు నడుస్తదంటే, మిగిలిన నోడ్‌లన్నీ అంతకన్నా దూరంగనో సమానంగనో ఉన్నయ్, వాటి మీదికెళ్లి తిరిగొస్తే దూరం తగ్గే ముచ్చటే లేదు. గీత మీద మైనస్ బరువు ఉంటే ఈ మాట నిలవది, అప్పుడు గీతలకు దిక్కు ఉన్న గ్రాఫ్ అయితే బెల్‌మన్-ఫోర్డ్ వాడాలె. మిడ్ పేపర్ల బొమ్మ చూడంగనే మైనస్ ఏమన్న ఉందా అని ముందు చూడు, జిరాక్స్‌ల మైనస్ గీత సగం చెరిగిపోతది ఒక్కోసారి.

ఈ పద్ధతి కనిపెట్టినాయన పేరు మనోళ్లు డిజిక్‌స్ట్రా అంటరు, డైక్‌స్ట్రా అనాలె. ఆయన డచ్ మనిషి, 1956ల దీన్ని ఆలోచించిండు, 1959ల అచ్చేసిండు. కాగితం పెన్సిల్ లేకుండ ఆమ్‌స్టర్‌డామ్‌ల ఒక కేఫ్‌ల కూసొని ఇరవై నిమిషాల్ల ఆలోచించిన అని ఆయనే చెప్పిండు. మనం మాత్రం కాగితం మీదనే చేద్దాం.

నీ టేబుల్ ఫోటో కూడ పెట్టు, ఈసారి నిలువుగ పట్టుకొని తియ్యి. B కింద ఏముందో చూసి చెప్త.