డిపాజిట్‌కి ముప్పై రోజుల గడువు: కొత్త అడ్రస్ రాసిచ్చారా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి 2025 మే 29న తాళాలు ఆఫీసులో ఇచ్చేశాం. లీజు మే 31 దాకా ఉంది. డిపాజిట్ 1,500 డాలర్లు, అద్దె బాకీ ఏమీ లేదు. కొత్త అడ్రస్ కౌంటర్‌లో ఉన్నావిడకి నోటితో చెప్పాం. ఈ రోజు జూలై 12. ఇంకా చెక్కు రాలేదు, ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అంటున్నారు. ముప్పై రోజులు దాటితే మూడింతలు కట్టాలని ఫ్రెండ్స్ అంటున్నారు. నేరుగా కేసు వేయొచ్చా? లెటర్ రాయాలంటే ఎలా రాయాలి?

జవాబు: ఇప్పుడే కేసు వేయకండి. మీ డబ్బు ఎక్కడికీ పోలేదు, కానీ మీ వైపు ఒక కాగితం తక్కువైంది. ముందు అది పంపాలి.

మీ ఫ్రెండ్స్ చెప్పిన ముప్పై రోజులు నిజమే. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 92.103 ప్రకారం, అద్దెకున్నవాళ్లు ఇల్లు అప్పగించిన తేదీ తర్వాత 30వ రోజులోగా ఓనరు డిపాజిట్ తిరిగివ్వాలి. తాళాలు ఇచ్చిన రోజును లెక్కలోకి తీసుకోరు. మే 30 మొదటి రోజు అనుకుంటే 30వ రోజు జూన్ 28 అవుతుంది. అది శనివారం. ఆఖరి రోజు శనివారమో ఆదివారమో చట్టపరమైన సెలవో అయితే గడువు ఆ తర్వాతి పనిదినానికి జరుగుతుంది కాబట్టి మీకు జూన్ 30, సోమవారం. లీజు మే 31 దాకా ఉంది కదా, అక్కడి నుంచే లెక్కపెట్టాలని ఆఫీసువాళ్లు వాదించినా వచ్చేది మళ్లీ జూన్ 30నే. తేదీ గురించి మీకు గొడవ లేనట్టే.

అసలు చిక్కు 92.107లో ఉంది. డిపాజిట్ ఎక్కడికి పంపాలో తెలిపే కొత్త అడ్రస్‌ను మీరు రాతపూర్వకంగా ఇచ్చేదాకా, డబ్బు తిరిగిచ్చే బాధ్యతగానీ, ఏమేం కోత పెట్టారో రాసిచ్చే బాధ్యతగానీ ఓనరుకు లేదు. నోటితో చెప్పింది దీనికి చాలదు. కౌంటర్‌లో ఉన్నావిడ తల ఊపి ఉండొచ్చు, స్టిక్కీ నోట్ మీద రాసుకుని కూడా ఉండొచ్చు. రేపు కోర్టులో "మాకెవరూ రాసివ్వలేదు" అంటే మీ చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు. అయితే అడ్రస్ ఇవ్వలేదని మీ హక్కు పోదు, ఆ సంగతి కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఆలస్యమైంది, అంతే.

అందుకే ఇప్పుడు పంపే లెటర్‌కి రెండు పనులున్నాయి. అడ్రస్ ఇవ్వాలి, డబ్బు అడగాలి. ఇంగ్లీషులో ఈ అర్థం వచ్చేలా రాస్తే సరిపోతుంది: "ఫలానా యూనిట్‌ను 2025 మే 29న తాళాలతో సహా అప్పగించాం. డిపాజిట్ 1,500 డాలర్లు. మా కొత్త అడ్రస్ ఇది. దయచేసి మొత్తం డిపాజిట్‌ను ఈ అడ్రస్‌కి పంపండి. ఏదైనా మినహాయిస్తే ప్రతి మినహాయింపునూ విడివిడిగా రాసి పంపండి. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 92.103, 92.104, 92.109 కింద ఈ లెటర్ రాస్తున్నాం." కింద తేదీ, లీజులో ఉన్న అందరి సంతకాలు. కోపాలు, "మీ సంగతి చూస్తా"లు వద్దు. ఆ లెటర్‌ని రేపు చదివేది జడ్జి. లీజులో నోటీసుల కోసం ఏ అడ్రస్ ఇచ్చారో దానికే సర్టిఫైడ్ మెయిల్‌లో, అందినట్టు సంతకం వెనక్కి వచ్చేలా పంపండి. దాని కాపీ ఈమెయిల్‌కీ పెట్టండి. ఒక్క ఫోన్ కాల్‌నో వాట్సాప్ మెసేజ్‌నో నమ్ముకోకండి.

సోమవారం, జూలై 14న పోస్టు చేస్తే గురువారం 17న అందిందనుకుందాం. జాగ్రత్త కోసం ఆ రోజు నుంచి మళ్లీ ముప్పై రోజులు ఇవ్వమంటాను. అది ఆగస్టు 16, మళ్లీ శనివారమే, కాబట్టి సోమవారం ఆగస్టు 18. మొదటి గడువు జూన్ 30తోనే అయిపోయిందని మీరు వాదించొచ్చు. కానీ అడ్రస్ రాసివ్వని రోజులకు కూడా ఓనరును తప్పుపట్టాలంటే కేసు అనవసరంగా బలహీనపడుతుంది. ఇంకో సంగతి: గడువులోపు పోస్టల్ ముద్ర పడితే చాలు, ఓనరు సకాలంలో పంపినట్టే భావిస్తారు. అందుకని 18 తర్వాత ఇంకో వారం మెయిల్ బాక్స్ చూసుకోండి. పాత అపార్ట్‌మెంట్‌కే చెక్కు వెళ్లి, కొత్తగా దిగినవాళ్ల ఉత్తరాల మధ్య పడి ఉండే అవకాశం కూడా లేకపోలేదు. పోస్టాఫీసులో అడ్రస్ మార్పు పెట్టుకోకపోతే ఇవాళే పెట్టండి.

చెక్కు కాకుండా కోతల లిస్టు వచ్చిందనుకోండి. 92.104 ప్రకారం మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు కోత పెట్టకూడదు. నడిచి నడిచి చదునైన కార్పెట్, మేకు గుచ్చిన చిన్న రంధ్రం, వెలిసిన రంగు సాధారణంగా ఆ కోవలోకే వస్తాయి. కార్పెట్ మీద ఇస్త్రీ పెట్టె మచ్చ అయితే మీ ఖాతాలోదే. "క్లీనింగ్, పెయింట్: 600" అని ఒక్క ముక్కలో రాస్తే ఒప్పుకోకండి, ఏ గదిలో ఏ పనికి ఎంతో అడగండి. ఆ కోత సమంజసమేనని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ఓనరుదే. ఖాళీ చేసిన రోజు తీసిన ఫోటోలు, వీడియో ఉంటే ఇప్పుడే జాగ్రత్త చేయండి. ఫోన్ మార్చేటప్పుడు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఇక ఆ మూడింతల సంగతి. 92.109 కింద, ఓనరు దురుద్దేశంతో ఆపుకుంటే 100 డాలర్లు, దానితోపాటు అక్రమంగా ఆపిన మొత్తానికి మూడింతలు, మీ లాయరు ఫీజు కట్టాలి. మొత్తం 1,500 అలా ఆపారని తేలితే 100కి 4,500 కలిపి 4,600 డాలర్లు. అందులో 400 కోత న్యాయమేనని జడ్జి అంటే, అక్రమంగా ఆపింది 1,100, కాబట్టి 3,400. దురుద్దేశం లేదు, పొరపాటే అని తేలితే మాత్రం మూడింతలు ఉండవు, రావాల్సిన 1,100 వస్తుంది. గడువులోపు డబ్బూ ఇవ్వక, లిస్టూ పంపకపోతే దురుద్దేశం ఉన్నట్టే చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని నిరూపించుకోవడం ఓనరు వంతు. ఆ వీలు మీకు గట్టిగా దక్కాలంటే అడ్రస్ రాసిచ్చిన రుజువు చేతిలో ఉండాలి.

హైదరాబాద్ అలవాటు ప్రకారం ఆఖరి నెల అద్దెను అడ్వాన్స్‌లో సర్దేసుకోలేదు కదా? అద్దె బాకీ లేదన్నారు, మంచిది. టెక్సస్‌లో అలా డిపాజిట్ పేరు చెప్పి ఆఖరి అద్దె ఆపితే మూడింతల శిక్ష తిరిగి మనకే చుట్టుకోవచ్చు. మీ వెనక ఖాళీ చేయబోయే స్నేహితులకి ఈ ముక్క చెప్పండి.

ఆగస్టు చివరి వారానికీ ఉలుకూ పలుకూ లేకపోతే, ఆ అపార్ట్‌మెంట్ కౌంటీలో ఏ ప్రీసింక్ట్ అనే కోర్టు పరిధి కిందికి వస్తుందో చూసి అక్కడి జస్టిస్ కోర్టులో పిటిషన్ వేయొచ్చు. 20,000 డాలర్ల దాకా కేసులు అక్కడ నడుస్తాయి, లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు. లీజు, డిపాజిట్ కట్టిన రుజువు, తాళాలు ఇచ్చినట్టు ఏదైనా ఈమెయిల్ లేదా రసీదు, సోమవారం పంపబోయే లెటర్ కాపీ, అది అందినట్టు సంతకంతో వెనక్కి వచ్చే పోస్టాఫీసు పచ్చ కార్డు ఒక ఫైల్లో పెట్టుకోండి. పిటిషన్‌లో ఓనరు పేరు లీజులో ఉన్నట్టే రాయండి. గేటు మీద ఉండే అపార్ట్‌మెంట్ బోర్డు పేరుకీ, లీజు మీద సంతకం చేసిన కంపెనీ పేరుకీ తరచూ పొంతన ఉండదు.