మెనూ తెరిచి ఉండగానే శత్రువు ఎందుకు కొడుతుండు?

ప్రశ్న: ఫైనల్ ఫాంటసీ 7 (1997) ఆడుతున్న. మ్యాజిక్ ఏది వాడాల్నో చూసేలోపే దెబ్బ పడుతుంది. ఇది టర్న్ బేస్డా, రియల్ టైమా? – మిర్యాలగూడ

జవాబు: రెండూ కాదు, ఏటీబీ, అంటే యాక్టివ్ టైమ్ బ్యాటిల్. పోకెమాన్ లాంటి టర్న్ బేస్డ్ గేముల మీరు ఆజ్ఞ ఇచ్చేదాక ఎవరూ కదలరు, చాయ్ తాగొచ్చినా ఏం కాదు. గెన్‌షిన్ ఇంపాక్ట్ లాంటి రియల్ టైమ్‌ల దెబ్బ తప్పించుకోవడం మీ వేళ్ల పని.

ఏటీబీల వేళ్ల పని లేదు, కానీ గడియారం ఆగదు. ఒక్కొక్కరికి ఒక గేజ్ ఉంటది, వాళ్ల స్పీడును బట్టి నిండుతది. నిండితేనే వంతు. మీది 4 సెకన్లల, శత్రువుది 6 సెకన్లల నిండుతదనుకోండి. గేజ్ నిండినంక మ్యాజిక్ జాబితాల 3 సెకన్లు వెతికితే 7వ సెకను అయితది, 6కే దెబ్బ పడ్డట్టే.

Config ల ATB ని Wait కు మార్చండి. జాబితా తెరిచి ఉన్నంతసేపు శత్రువు గేజ్ కూడా ఆగుతది. కానీ Attack, Magic కనిపించే మొదటి మెనూ దగ్గర మాత్రం కాలం నడుస్తూనే ఉంటది. అందుకే ఆలోచించాలంటే జాబితా లోపలికి పోయి ఆలోచించండి. అయినా ఆగమాగం అయితే Battle speed తగ్గించండి.