తమిళ నవల, మధ్యలో ఇంగ్లిష్: ఒక యువ అనువాదకురాలికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. తమిళ నవల ఒకటి తెలుగులోకి తెమ్మని ప్రచురణకర్త అడిగారనీ, దాని ఇంగ్లిష్ అనువాదం చేతికిచ్చి దాన్నుంచే చేసేయమన్నారనీ రాశావు. నీకు తమిళం చదవడం వచ్చు, వింటే అర్థమవుతుంది, రాయడం మాత్రం రాదు. ఇంగ్లిష్ నుంచి చేస్తే త్వరగా తెములుతుంది, తమిళం నుంచి చేస్తే ఎక్కడ తప్పులో కాలేస్తానోనని టెన్షన్‌గా ఉంది అన్నావు. నా మాట ముందే చెప్పేస్తాను. అది సంసారాల కథ, సగానికి సగం సంభాషణలే అంటున్నావు కాబట్టి తమిళం నుంచే చెయ్యి. నువ్వు రాయాల్సింది తెలుగు. తమిళం చదివి పట్టుకోగలిగితే చాలు.

ఎందుకంటున్నానో ఒక చిన్న ముక్క మీద చూపిస్తాను. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, నీ కోసం అల్లాను. పెళ్లి మాటలయ్యాక తండ్రి తమ్ముడు సెలవు తీసుకుంటున్నాడు. తమిళంలో ఇలా ఉంటుంది:

"సిత్తప్పా తిణ్ణైయిలిరుందు ఎళుందార్. 'నాంగ పోయిట్టు వరోమ్. మురుగన్ నాళైక్కు వరేన్ను సొన్నాన్. నీంగ అవన్‌కిట్ట పేసిప్ పారుంగ' ఎన్ఱార్."

నేరుగా చేస్తే: "బాబాయి అరుగు మీంచి లేచారు. 'మేం వెళ్లొస్తాం. మురుగన్ రేపు వస్తానన్నాడు. మీరు వాడితో మాట్లాడి చూడండి' అన్నారు."

ఇదే ముక్క ఇంగ్లిష్‌లోకి వెళ్లి తెలుగులోకి వస్తే, శ్రద్ధగా చేసేవాళ్ల చేతిలో కూడా ఇలా తేలుతుంది: "మావయ్య వరండాలోంచి లేచి నిలబడ్డాడు. 'మనం వెళ్తున్నాం. రేపు అతను వస్తాడని మురుగన్ చెప్పాడు. నువ్వు అతనితో మాట్లాడటానికి ప్రయత్నించు' అన్నాడు."

ఇందులో ఇంగ్లిష్ అనువాదకుడి తప్పు లేదు, తెలుగు అనువాదకుడూ ఇంగ్లిష్‌కి ద్రోహం చెయ్యలేదు. ఇంగ్లిష్‌లో చోటు లేని విషయాలు అక్కడే ఆగిపోయాయి. రెండో అనువాదకుడు ఆ ఖాళీలను ఊహతో నింపుకోవాల్సి వచ్చింది. తమిళంలో ఉన్నదే, తెలుగులోనూ ఉన్నదే, మధ్యలో పోయింది. ఇంగ్లిష్ మీదుగా వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రకమే.

నాంగ అన్నమాట చూడు. తమిళంలో నాంగళ్ అంటే మేము, నామ్ అంటే మనం. ఇంగ్లిష్‌లో రెండింటికీ 'వియ్' ఒక్కటే. ఎంపిక మళ్లీ నీ నెత్తిన పడుతుంది. పైన చూడు, 'మనం వెళ్తున్నాం' అనేసరికి ఇంటాయన కూడా సొంత ఇంట్లోంచి లేచి బయల్దేరినట్టయింది. ఇక్కడైతే సందర్భాన్ని బట్టి దిద్దుకోవచ్చు. ఉమ్మడి ఆస్తి గురించి ఇద్దరు అన్నదమ్ములు వాదించుకుంటున్నప్పుడు 'మన పొలం', 'మా పొలం' అన్న తేడా మీదే కథ నడుస్తుంది. అక్కడ ఊహ పనికిరాదు.

పోయిట్టు వరోమ్ కూడా అంతే. ఇల్లు దాటేటప్పుడు వెళ్తున్నాను అనకూడదని తమిళుల ఇళ్లలోనూ మన ఇళ్లలోనూ పెద్దలు చెబుతారు. ఇంగ్లిష్ చదివి 'వెళ్తున్నాం' అని రాస్తే, శుభమా అని పెళ్లి మాటలు మాట్లాడి అలా లేచిపోవడమేమిటని మన ఇళ్లలో ఒక పెద్దావిడ నొచ్చుకుంటుంది. పేసిప్ పారుంగ సంగతీ ఇదే. మాట్లాడి చూడండి, తిని చూడు, అడిగి చూస్తాను అని మనమన్నట్టే తమిళంలోనూ అంటారు. అది ఇంగ్లిష్‌లో 'ట్రై' అయి, తెలుగులోకి 'ప్రయత్నించు'గా వస్తుంది. నీ చిత్తుప్రతిలో పల్లెటూరి ముసలమ్మ ఎవరితోనైనా 'తినడానికి ప్రయత్నించు' అంటుంటే, ఆ పేజీ ఇంగ్లిష్‌లోంచి వచ్చిందని ఇట్టే తెలిసిపోతుంది.

అన్నింటికన్నా మెలిక ఉన్నది మురుగన్ వాక్యంలో. వస్తానన్నాడు అంటే వచ్చేది మురుగనే. వస్తాడన్నాడు అంటే వేరే ఎవరో. క్రియ చివర ఒక్క అక్షరం మారితే మనిషి మారిపోతాడు. తమిళంలోనూ సరిగ్గా ఇదే ఏర్పాటు: వరేన్ను సొన్నాన్ అంటే తానే, వరువాన్ను సొన్నాన్ అంటే ఇంకొకడు. ఇంగ్లిష్‌లో రెండూ 'హి సెడ్ హి వుడ్ కమ్' దగ్గర కలిసిపోతాయి. ఆ రెండో 'హి' ఎవరో వాక్యం చెప్పదు. ఒక గదిలో నలుగురు మగవాళ్లు మాట్లాడుకునే ఘట్టం వస్తే, ఎవరు ఎవరి గురించి మాటిచ్చారో తారుమారైపోతుంది. పైగా చదివేవాళ్లకి అనుమానం కూడా రాదు, వాక్యం నున్నగానే ఉంటుంది కదా. అందుకే తమిళం దగ్గర లేకుండా ఈ రకం తప్పు పట్టుకోవడం దాదాపు కుదరని పని.

ఇక వరసలు. సిత్తప్పా బాబాయి, పెరియప్పా పెదనాన్న, తాయ్‌మామన్ మేనమామ. ఇంగ్లిష్‌లో ముగ్గురూ అంకులే. పిలుపు కాస్త మారితే ఏమైందిలే అనుకోవద్దు. బాబాయి కూతురు చెల్లెలు, మేనమామ కూతురు మరదలు. తమిళనాట చాలా కులాల్లోనూ మన దగ్గరా పెళ్లిళ్లు కుదిరేదీ కుదరనిదీ ఈ గీత దగ్గరే. నలభయ్యో పేజీలో అంకుల్‌ని మావయ్య చేసి, నూట యాభయ్యో పేజీలో ఆయన కూతుర్ని కథానాయకుడు చెల్లీ అని పిలిస్తే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. తిరగేస్తే ఇంకా ఘోరం. 'సిస్టర్ ఇన్ లా' అన్న ఒక్క మాటలో అణ్ణి, నాత్తనార్, కొళుందియాళ్, ఓరగత్తి నలుగురూ దాక్కుంటారు. మనకి వాళ్లు వదిన, ఆడపడుచు, మరదలు, తోడికోడలు. ఆడపడుచు పోరుని తోడికోడలి పోరు చేస్తే ఆ ఇంటి రాజకీయమే మారిపోతుంది.

మర్యాద కూడా ఇంగ్లిష్‌లో ఆవిరవుతుంది. అవళ్, అవర్ రెండూ 'షి'. అవర్ వందార్ అన్నచోట ఆవిడ వచ్చారు అనాల్సింది, ఇంగ్లిష్ పట్టుకుంటే అది ఆమె వచ్చింది అయిపోతుంది. ఒక పాత్ర మరో పాత్రని ఏ పేజీలో నీంగళ్ మాని నీ అనడం మొదలుపెట్టిందో గమనించు. కొట్లాటైనా ప్రేమైనా ముందు అక్కడే బయటపడుతుంది. ఇంగ్లిష్ ప్రతిలో ఆ పేజీ మిగతా పేజీల్లాగే ఉంటుంది.

ఇంగ్లిష్ అనువాదకులు బయటి పాఠకుల కోసం కొన్ని కలుపుతారు కూడా. తాళికి వివరణ, పొంగల్‌కి వివరణ. అది చూసి నువ్వు 'తాళి అనే పవిత్రమైన తాడు' అని రాస్తే తెలుగువాళ్లకి తాళి కొత్తగా పరిచయం చేసినట్టుంటుంది. కుళంబు 'కర్రీ' అయి మన దగ్గరికి కూరగా వస్తుంది. అది పులుసుకి దగ్గర. తిణ్ణై వరండా అయింది పైన చూశావుగా. కోవిల్‌పట్టి వైపు నల్లరేగడి పల్లెల్లోనూ, హోసూరు, కృష్ణగిరి వైపూ తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడి కథల్లో తండ్రిని నైనా అని పిలిచే పిల్లలు కనిపించొచ్చు. ఆ ఒక్క పిలుపు ఆ ఇల్లు తెలుగిల్లని చెబుతుంది. ఇంగ్లిష్‌లో అది 'ఫాదర్' అయితే, మన మాట మన దగ్గరికే గుర్తు చెరిగి వస్తుంది.

పేర్లు తమిళ లిపి చూసి రాసుకో. ఇంగ్లిష్‌లో 'టీహెచ్' కనిపిస్తే మనవాళ్లు థ పెట్టేస్తారు. తమిళంలో ఒత్తక్షరాలే లేవు. తూత్తుకుడిని థూథుకుడి చెయ్యకు. 'జెడ్‌హెచ్' అని రాసేది మనం ళ తో రాసే అక్షరం, తమిళం అన్న మాటలో ఉన్నదే. ఏళుమలై అన్న పేరుని ఎజుమలై అని రాస్తే అందులోని ఏడుకొండలు పోతాయి.

నేరుగా చేస్తే తప్పులే రావని అనను. రెండు భాషలూ దగ్గరివి కావడమే అక్కడ ప్రమాదం. చూడు, ఈ ప్రమాదమే తమిళుల నోట అద్భుతం అన్న అర్థంలో వస్తుంది. సాప్పాడు ప్రమాదమ్ అంటే భోజనం బ్రహ్మాండం. వాళ్ల అవసరమ్ మన తొందర. అనుమానమ్ అంటే ఊహ, అంచనా. సంసారమ్ అంటే వాడుకలో చాలాసార్లు భార్య. ఇలాంటివి కనిపించినప్పుడల్లా ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకో. క్రియల దగ్గరా జాగ్రత్త కావాలి. వందాళ్ అంటే వచ్చింది మనిషి, వందదు అంటే ఆవో బస్సో. మనకి రెండూ వచ్చిందే. తమిళంలో కర్త చెప్పకుండా వందాళ్ అని వదిలేసినా ఆడమనిషని తెలుస్తుంది, నువ్వు మాత్రం ఆమె అనో పేరో పెట్టి తీరాలి. అవర్ దగ్గర ఇంకో చిక్కు: మగా ఆడా ఇద్దరికీ అదే మాట. ఆయనో ఆవిడో ముందు పేజీలు తిరగేసి తేల్చుకోవాలి.

ఇంగ్లిష్ ప్రతి పనికొచ్చేది ఇక్కడే. మొదటి చిత్తు పూర్తయ్యేదాకా దాన్ని తెరవకు. ఒక అధ్యాయం అయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి చదువు. నీ అర్థమూ ఇంగ్లిష్ అర్థమూ వేరుపడిన ప్రతిచోటా గీత గీసి మళ్లీ తమిళానికి వెళ్లు. ఒక్కోసారి నువ్వు పప్పులో కాలేసి ఉంటావు, ఒక్కోసారి ఇంగ్లిష్‌లో పేరా ఎగిరిపోయి ఉంటుంది. ఎటూ తేలని చోట్లు తమిళం ఇంటి భాషగా ఉన్న మనిషిని అడుగు. అర్థమేంటని అడిగితే నిఘంటువులో మాటే చెబుతారు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు ఇలా అంటారు అని అడుగు.

తమిళం ఒక్క ముక్క రానివాళ్లకి ఇంగ్లిష్ తప్ప దారి లేదు. వ్యాసమో చరిత్రో అయితే పెద్దగా నష్టం ఉండదు, అందులో వరసలూ పిలుపులూ తక్కువ. కథయితే మాత్రం మూలం చదివిన ఒకరిని కూర్చోబెట్టుకుని, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో ముందే పట్టిక రాసుకోవాలి. ప్రతి 'వియ్' దగ్గరా, ప్రతి 'హి సెడ్ హి' దగ్గరా మూలంలో ఏముందో అడిగి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. పుస్తకం మొదటి పేజీలో ఇంగ్లిష్ నుంచి అని అచ్చు వేయించాలి కూడా. తమిళం నుంచి అని రాసుకోవడం మూల రచయితకీ ఇంగ్లిష్ అనువాదకుడికీ ఇద్దరికీ అన్యాయం.

మీ ప్రచురణకర్తకి ఈ సంగతి గుర్తు చెయ్యి. ఇంగ్లిష్ అనువాదానికి వేరే కాపీరైట్ ఉంటుంది. దాని మీదుగా చేస్తే తమిళ రచయిత అనుమతితో పాటు ఆ హక్కుదారు అనుమతీ కావాలి. తమిళం నుంచి చేస్తే ఆ రెండో ఉత్తరం అక్కర్లేదు. గడువు ఇంకొంచెం పెంచమని అడగడానికి నీకు ఇదీ ఒక కారణం. మొదటి అధ్యాయం అయ్యాక నీ చిత్తూ, తమిళం పేజీల నకలూ రెండూ పంపు. ఇంగ్లిష్ నాకు వద్దు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు