సీనియర్ సీఏలు దగ్గరవ్వాలంటే బ్రాంచ్‌లో ఏ పని అడగాలి?

"రాజమండ్రిలో ఈ మధ్యే సీఏ ప్రాక్టీస్ పెట్టాను. ఐసీఏఐ బ్రాంచ్‌లో చేరి కమిటీ పనుల్లో తిరిగితే సీనియర్లు నిజంగా దగ్గరవుతారా, టైం దండగా?"

దగ్గరవుతారు. కాకపోతే మీకు ఏ పని దొరికిందన్నదే ముఖ్యం. నేనూ ఇక్కడే మొదలుపెట్టాను. విడిగా చేరేదేమీ లేదు, మీ ప్రొఫెషనల్ అడ్రస్ బ్రాంచ్ పరిధిలో ఉంటే మీరు అందులో ఉన్నట్టే. మేనేజింగ్ కమిటీకి ఎన్నికలుంటాయి, ఇప్పుడే వాటి జోలికి వెళ్లకండి. ఛైర్మన్‌గారిని కలిసి సీపీఈ సెమినార్ల పని అడగండి. అందులోనూ స్పీకర్ కోసం ముందుగా ప్రశ్నలు పోగుచేసే పని అడగండి. పెద్దవాళ్లకి ఫోన్ చేయడానికి అంతకన్నా మంచి కారణం దొరకదు.

నాకు దొరికింది మార్చిలో పెట్టే బ్యాంక్ బ్రాంచ్ ఆడిట్ సెమినార్. "సార్, పోయినసారి మీకు ఎక్కడ చిక్కొచ్చింది?" అని ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్లాను. ఒకాయన ఆఫీసుకి రమ్మని పాత వర్కింగ్ పేపర్లు ముందు పెట్టారు. సార్వా, దాళ్వా వరికిచ్చిన పంట రుణం రెండు సీజన్లు దాటినా కట్టకపోతే ఎన్‌పీఏ. ఆయన ఆడిట్ చేసిన బ్యాంక్ బ్రాంచ్ చేపల చెరువుల లోన్లకీ అదే లెక్క వేసేసింది. వాటికి 90 రోజుల లెక్క కదా అన్నది ఆయన ప్రశ్న. సెమినార్‌లో అది అడిగించి, స్పీకర్ చెప్పిన జవాబుని ఒక పేజీలో రాసి మర్నాడే ఆయనకి ఇచ్చి వచ్చాను. ఆయనకి నేను గుర్తుండిపోయింది ఆ పేజీ వల్లే అని నా నమ్మకం.

సెప్టెంబర్‌లో ఫోన్ ఆయన దగ్గర్నుంచే వచ్చింది. ఒక సీఏ ఏడాదికి 60 టాక్స్ ఆడిట్లకి మించి తీసుకోకూడదు. ఆయన ఆ హద్దుకి దగ్గర పడ్డారు, ఒక రైస్ మిల్లు వాళ్లని నా దగ్గరికి పంపారు. పంపింది ఆయనే అయినా, ఒప్పుకునే ముందు పాత ఆడిటర్‌గా ఆయనకి ఉత్తరం రాసి అందినట్టు సంతకం తీసుకున్నాను. మొదటి షెడ్యూల్ 8వ క్లాజు ప్రకారం అది తప్పనిసరి.

అడగడానికి మొహమాటపడుతుంటే ఒక మాట. క్లయింట్‌ని పని అడగకూడదని చెప్పే 6వ క్లాజే, ప్రాక్టీస్‌లో ఉన్న తోటి సీఏని పని అడగడాన్ని నిషేధించలేదు. ఒకట్రెండు సెమినార్లు అయ్యాక "సార్, ఒత్తిడి ఉంటే నాకు కొంత ఇవ్వండి" అని నేరుగా అనొచ్చు. మొదటి పరిచయంలోనే అంటే మాత్రం ముఖం చాటేస్తారు. ఏప్రిల్‌లో, సెప్టెంబర్ ఆఖర్లో అసలు కదపకండి.

ఆరు నెలలైనా మీకు టిఫిన్ల ఏర్పాట్లు, ఫ్లెక్సీలు, మెమెంటోలే అప్పగిస్తుంటే, సబ్జెక్టు పని కావాలని ఛైర్మన్‌గారికి చెప్పండి. అప్పటికీ ఇవ్వకపోతే కొత్త కమిటీ వచ్చేదాకా ఆగి మళ్లీ అడగండి.