స్నేహితుడి అప్పుకు పెట్టిన ష్యూరిటీ సంతకం: ఉత్తరం రాసిస్తే తప్పుకోవచ్చా?

ప్రశ్న: రాజాం దగ్గర హైస్కూల్లో టీచర్ని. ఎరువుల దుకాణం కోసం మా స్నేహితుడు బ్యాంకులో 5 లక్షలు తీసుకుంటే రెండేళ్ల క్రితం నేను ష్యూరిటీ సంతకం పెట్టాను. ఐదేళ్ల లోను, నెలకు 11,400 వాయిదా. ఇప్పుడు రెండు వాయిదాలు ఆగిపోయాయి, ఇంకా 3 లక్షల 40 వేల దాకా బాకీ ఉంది. బ్యాంకు వాళ్లు నాకు ఫోన్ చేస్తున్నారు. హామీ నుంచి తప్పుకుంటున్నానని ఉత్తరం ఇస్తే సరిపోతుందా? నేను ఇంటి లోనుకు దరఖాస్తు పెట్టుకున్నాను.

జవాబు: ఉత్తరంతో తప్పుకోలేరు, మాస్టారూ. భారత ఒప్పందాల చట్టం 130వ సెక్షన్ నోటీసుతో హామీని రద్దు చేసుకోనిస్తుంది గానీ, అది ముందు ముందు జరగబోయే లావాదేవీలకే. వ్యాపారి సరుకు తెస్తూ కడుతూ ఉండే ఖాతాకైతే అది పనికొస్తుంది. మీ స్నేహితుడి డబ్బు రెండేళ్ల క్రితమే ఒకేసారి చేతికొచ్చేసింది. ఆ అప్పుకు మీ పూచీ అలాగే ఉంటుంది.

చాలామంది అనుకునేదొకటుంది: ముందు అప్పు తీసుకున్నవాడి దుకాణం మీద పడి, అక్కడ రాకపోతేనే మన దగ్గరికొస్తారని. అది నిజం కాదు. 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యతా అంతే. బ్యాంకు నేరుగా మిమ్మల్నే అడగవచ్చని సుప్రీంకోర్టు 1969లోనే బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో చెప్పింది.

కేసు గెలిచి డిక్రీ తెచ్చుకుంటే జీతం జప్తు చేయించవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోకూడదు. మినహాయింపున్న అలవెన్సులు తీసేశాక జీతం 61,000 అనుకుందాం. వెయ్యి పోను 60,000, అందులో మూడో వంతు 20,000 నెలనెలా పోతుంది. ఒకే డిక్రీ కింద ఇలా 24 నెలలకు మించి పట్టుకోకూడదు. కానీ మీ స్నేహితుడి బాకీ తీరడానికి అన్ని నెలలు కూడా అక్కర్లేదు. మీ జీతం ఖాతా అదే బ్యాంకులో ఉంటే హామీ పత్రాన్ని ఇంకా జాగ్రత్తగా చదవండి. ఆ ఖాతాలోంచే సర్దుకునే హక్కు అందులో రాసి ఉండొచ్చు.

ఇక మీ ఇంటి లోను. ఈ అప్పు మీ క్రెడిట్ రిపోర్టులో 'గ్యారంటర్' పేరుతో కనిపిస్తుంది. వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో పక్కనే పడుతుంది. ఆగిన వాయిదాల్లో మొదటిదాని గడువు దాటి 90 రోజులు మించితే ఖాతా మొండి బాకీ కింద మారుతుంది. ఆ తర్వాత ఒక వాయిదా కడితే సరిపోదు, పాత బకాయి మొత్తం తీరితేనే తిరిగి మామూలు ఖాతా అవుతుంది. అందుకే మీ దగ్గర ఇంకా రోజులున్నప్పుడే కదలమంటున్నాను. ఆగిన రెండు వాయిదాలూ 22,800. మీ స్నేహితుడు కట్టలేనంటే, అపరాధ రుసుము ఎంతో కనుక్కుని మీరే కట్టేయండి. బాధగానే ఉంటుంది, కానీ ఇంటి లోను చేజారితే పోయేది అంతకంటే ఎక్కువ.

డబ్బు మాత్రం స్నేహితుడి చేతిలో పెట్టొద్దు. నా దగ్గరికొచ్చిన ఒకాయన అలా మూడుసార్లు చేతికిచ్చారు. ఒక్కసారి కూడా అది బ్యాంకుకు చేరలేదు, నిరూపించడానికి చిన్న కాగితమూ లేదు. మీ ఖాతా నుంచి నేరుగా ఆ లోను ఖాతాకే పంపి, రశీదు దాచండి. ఒప్పందాల చట్టం 145వ సెక్షన్ ప్రకారం మీరు న్యాయంగా కట్టిన ప్రతి రూపాయీ ఆయన మీకు బాకీ. కట్టిన నాటి నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. పూర్తి బాకీ మీరే తీరిస్తే, 140, 141 సెక్షన్ల కింద బ్యాంకుకున్న హక్కులూ, తాకట్టులూ మీకు వస్తాయి.

నిజంగా విడుదల కావాలంటే రెండే దారులు: అప్పు పూర్తిగా తీరడం, లేదా మీ బదులు వేరొకరిని బ్యాంకు ఒప్పుకోవడం. రెండోదానికి మీ స్నేహితుడే దరఖాస్తు పెట్టాలి. కొత్త మనిషి ఆదాయం బ్యాంకు చూసుకుంటుంది. వాయిదాలు సక్రమంగా ఉన్నప్పుడే ఆ మాట వింటారు. మేనేజరు నోటిమాట నమ్మకండి, మిమ్మల్ని విడుదల చేసినట్టు బ్యాంకు లేఖ చేతికి రావాలి. మీకు చెప్పకుండా అప్పు నిబంధనలు మారిస్తే 133వ సెక్షన్ మిమ్మల్ని వదిలేస్తుంది గానీ, 'ఏ మార్పుకైనా ముందే సమ్మతం' అని మీ సంతకం పైన అచ్చయి ఉంటే ఆ వాదన బలహీనపడుతుంది. హామీ పత్రం నకలు రేపే అడిగి తీసుకోండి.

ఒకవేళ స్నేహితుడు తక్కువ మొత్తానికి బ్యాంకుతో రాజీ చేసుకుంటే, ఆ లేఖలో హామీదారుని కూడా విడుదల చేసినట్టు రాయించండి. అలా తీరిన ఖాతా రిపోర్టులో 'క్లోజ్డ్' అని కాక 'సెటిల్డ్' అని పడవచ్చు. వీలైతే పూర్తిగా కట్టించి, బాకీ లేదన్న సర్టిఫికెట్ తీసుకుని, ఒకటి రెండు నెలలయ్యాక రిపోర్టు తెప్పించి చూడండి. ఇంకా పాత బాకీయే కనిపిస్తే క్రెడిట్ బ్యూరోకు ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపై రోజుకు 100 రూపాయల పరిహారం అడగవచ్చు.